సిల్లీ మిస్టేక్ అని రాసేసుకునే ముందు: పాత పేపర్ల నుంచి ఎర్రర్ లాగ్ పెట్టుకునే పద్ధతి

పాత పేపర్ ఒకటి టైమ్ పెట్టుకుని రాస్తాం, కీ తీసి సరిచూస్కుంటాం, తప్పైన ప్రశ్న దగ్గర సొల్యూషన్ చదవగానే "అబ్బా ఇది నాకొచ్చిందే, సిల్లీ మిస్టేక్" అని పక్కన రాసేసి తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోతాం. తప్పులన్నీ కారణంతో సహా రాసిపెట్టుకునే ఎర్రర్ లాగ్ పాడయ్యేది సరిగ్గా ఇక్కడే. సొల్యూషన్ కళ్ళ ముందుంటే ఏ ప్రశ్నైనా వచ్చినట్టే అనిపిస్తుంది, ఆ మూడ్‌లో పెట్టే లేబుల్ దాదాపు ఎప్పుడూ "అజాగ్రత్త" అనే పడుతుంది, దాంతో అసలు కాన్సెప్ట్ రాని చోట కూడా "ఈసారి జాగ్రత్తగా రాయాలి" అనే మందు వేసుకుని కూర్చుంటాం. తర్వాతి పేపర్లో అదే టాపిక్ మళ్ళీ తప్పుతుంది.

అందుకే ఇందులో లాగ్ అందంగా ఎలా గీసుకోవాలన్నదాని కన్నా, ఒక తప్పు అజాగ్రత్త వల్ల వచ్చిందా, కాన్సెప్ట్ తెలీక వచ్చిందా, గుర్తులేక వచ్చిందా అని నిజంగా ఎలా తేల్చుకోవాలన్న దాని మీదే ఎక్కువసేపు ఉంటాను. మిగతాదంతా దాని వెనకే వస్తుంది.

ముందు ఈ మూడింటికీ తేడా ఏంటో

మనుషులు చేసే తప్పుల మీద చాలా ఏళ్ళు పనిచేసిన జేమ్స్ రీజన్ అనే బ్రిటిష్ సైకాలజిస్ట్ ఉండేవారు, ఆయన విమానాలు, పెద్ద ప్లాంట్‌ల ప్రమాదాల గురించి మాట్లాడుతూ చేసిన విభజన మన పేపర్లకి కూడా బాగా సరిపోతుంది. చేయాల్సింది ఏంటో సరిగ్గానే తెలుసు, చేసేటప్పుడు చెయ్యి జారింది, ఇది ఒక రకం. మధ్యలో ఏదో గుర్తు రాలేదు, ఇది రెండో రకం. అసలు వేసుకున్న ప్లానే తప్పు, అంటే అనుకున్నది అనుకున్నట్టు పర్ఫెక్ట్‌గా చేసినా ఆన్సర్ తప్పే వస్తుంది, ఇది మూడో రకం. మనం వరసగా అజాగ్రత్త, మెమరీ, కాన్సెప్ట్ అనుకుందాం.

ఇందులో గమనించాల్సింది ఏంటంటే, తప్పు ఆన్సర్ చూసి ఏ రకమో చెప్పలేం. మైనస్ గుర్తు తప్పింది అంటే అజాగ్రత్తే అని తీర్మానించేస్తాం కానీ అది మూడింట్లో ఏదైనా అవ్వొచ్చు. ఒక చిన్న ఉదాహరణ చూడండి. −2x + 3 > 7 అని ఇచ్చారు, స్టూడెంట్ x > −2 అని రాశాడు, కరెక్ట్ ఆన్సర్ x < −2. తిప్పాల్సిన గుర్తు తిప్పలేదు, అంతే కదా అనిపిస్తుంది. ఇప్పుడు ఆ స్టూడెంట్‌ని "నెగెటివ్ నంబర్‌తో భాగిస్తే గుర్తు ఎందుకు తిరుగుతుంది" అని అడగండి. "3 అనేది 2 కన్నా పెద్దది, కానీ రెండింటినీ మైనస్‌తో గుణిస్తే −3 అనేది −2 కన్నా చిన్నదైపోతుంది, అందుకే" అని చెప్పగలిగితే అది అజాగ్రత్త. "ఎందుకో తెలీదు, తిప్పాలని రూల్ ఉంది, అప్పుడు గుర్తు రాలేదు" అంటే మెమరీ, కానీ దాని కింద కాన్సెప్ట్ లేదు కాబట్టి మళ్ళీ మర్చిపోతాడు. "తిప్పాలా? రెండు నంబర్లూ నెగెటివ్ అయితేనే తిప్పాలనుకున్నా" అంటే పూర్తిగా కాన్సెప్ట్. పేపర్ మీద ముగ్గురిదీ అదే తప్పు, కానీ ముగ్గురూ చేయాల్సిన పని వేరే.

స్టెప్ 1: పేపర్ రాసేటప్పుడే గుర్తులు పెట్టుకోండి

లాగ్ పని కీ తెరిచాక మొదలవదు, పరీక్ష రాస్తున్నప్పుడే మొదలవుతుంది. ప్రతి ప్రశ్న పక్కన ఒక చిన్న గుర్తు చాలు: ఖచ్చితంగా కరెక్టే అనిపిస్తే టిక్, డౌట్‌గా ఉంటే ప్రశ్నార్థకం, గుడ్డిగా పెట్టేస్తే చుక్క. సెకను కూడా పట్టదు. ఇది ఎందుకంటే, పరీక్ష అయిపోయాక మనకి ఆ నిమిషంలో ఎంత నమ్మకం ఉందో నిజాయితీగా గుర్తుండదు, కీ చూశాక అయితే అసలు గుర్తుండదు.

దీనివల్ల ఇంకో లాభం ఉంది. చుక్క పెట్టిన ప్రశ్న కరెక్ట్ అయిపోయిందనుకోండి, మార్కులు వచ్చాయి కాబట్టి మామూలుగా ఎవరూ దాని వైపు చూడరు. కానీ అది మీకు రాని ప్రశ్నే, ఈసారి అదృష్టం కలిసొచ్చింది అంతే. లాగ్‌లోకి తప్పులతో పాటు ఇవి కూడా వెళ్ళాలి, వదిలేసిన ప్రశ్నలూ వెళ్ళాలి. ఇంకోవైపు టిక్ పెట్టి మరీ తప్పు చేసినవి ఉంటాయి, వాటి మీద స్టార్ వేసుకోండి, ఎందుకంటే గట్టి నమ్మకంతో చేసిన తప్పు అంటే ఒకటి చెయ్యి జారడం, లేదా లోపల ఏదో తప్పు ఐడియా స్థిరపడిపోయి ఉండటం. ఈ రెండో దాన్ని వెతికి పట్టుకోవడానికే ఇంత తంటా.

రఫ్ వర్క్ పారేయకండి. అదే మీ సాక్ష్యం. వీలైతే ప్రశ్న నంబర్ వేసి వరసగా రఫ్ చేయండి, గజిబిజిగా ఉన్నా పర్లేదు, ఏ ప్రశ్నది ఏదో తెలిస్తే చాలు.

స్టెప్ 2: సొల్యూషన్ తెరవకుండా రెండోసారి రాయండి

ఈ గైడ్ మొత్తంలో ఒక్కటే పాటిస్తాను అంటే ఇదొక్కటి పాటించండి.

కీ తీసుకుని ప్రశ్న నంబర్ల పక్కన కరెక్టా తప్పా అని మాత్రం గుర్తు పెట్టండి. కరెక్ట్ ఆప్షన్ ఏదో రాసుకోవద్దు, వివరణ చదవద్దు. పక్కన ఇంకెవరైనా ఉంటే వాళ్ళని దిద్దమనడం ఇంకా మంచిది. తర్వాత కాస్త విరామం తీసుకుని, కుదిరితే మర్నాడు, ఆ తప్పైన ప్రశ్నలని కొత్త కాగితం మీద మొదటి నుంచి మళ్ళీ చేయండి, పాత రఫ్ చూడకుండా, టైమ్ లిమిట్ లేకుండా. మర్నాటికన్నా లేట్ చేయకండి, అప్పుడు ఆ రోజు ఏమనుకుని రాశారో మర్చిపోతారు.

ఇప్పుడు మూడు దారులు ఉంటాయి. ఎవరి సాయం లేకుండా, పుస్తకం తీయకుండా, కరెక్ట్ ఆన్సర్ వచ్చేసి, ఎందుకలా చేశారో ప్రతి లైనూ చెప్పగలిగితే అది అజాగ్రత్త తప్పు. రాలేదు, ఎక్కడో ఆగిపోయారు అనుకోండి, అప్పుడు ఫార్ములా షీట్ గానీ నోట్స్ గానీ తెరిచి కేవలం ఆ ఒక్క విషయం, అంటే ఫార్ములా, తేదీ, పేరు, రియాక్షన్, ఏదైతే అది మాత్రం చూడండి, చూసి మూసేయండి. దాంతో మిగతాదంతా మీరే నడిపించేస్తే అది మెమరీ తప్పు. ఫార్ములా ఎదురుగా పెట్టుకుని కూడా ఏది ఎక్కడ వాడాలో తెలీకపోతే, లేదా ధీమాగా చేసి మళ్ళీ అదే తప్పు ఆన్సర్‌కి వస్తే, అది కాన్సెప్ట్ తప్పు. ఇందులో వాదన లేదు, "నాకు తెలుసు కానీ" అనేది లేదు.

ఒక చిక్కు ఉంది. ఆప్షన్స్ ఉన్న ప్రశ్న అయితే రెండోసారి చేసేటప్పుడు మొదట పెట్టిన ఆప్షన్ తప్పని మీకు ముందే తెలుసు, కాబట్టి మిగిలిన మూడింట్లో ఒకటి అటూ ఇటూ చూసి పెట్టేసే వీలుంది. అందుకని రెండోసారి ఆప్షన్స్ చేత్తో మూసేసి ఆన్సర్ మీరే తేవాలి. తెచ్చాకే ఆప్షన్స్ చూడాలి.

టైమ్ సరిపోక తప్పినవి ఎందులో వేయాలి అని చాలామంది అడుగుతారు. దానికి నాలుగో డబ్బా పెట్టకండి, రెండోసారి చేసినప్పుడు ఎంతసేపు పట్టిందో చూడండి. మామూలు టైమ్‌లోనే అయిపోతే అప్పుడు పరీక్షలో వేరే ప్రశ్న దగ్గర టైమ్ తినేశారు అన్నమాట, ఆ వేరే ప్రశ్న ఏదో వెతకండి, లాగ్‌లో రాయాల్సింది దాన్ని. అదే ఇప్పుడు కూడా మూడింతల టైమ్ పట్టిందంటే పొడుగు దారిలో వెళ్తున్నారు, చిన్న దారి కనపడట్లేదు, అది కాన్సెప్ట్ కిందకే వస్తుంది.

స్టెప్ 3: లాగ్‌లో ఏం రాయాలి

నోట్‌బుక్ అయినా సరే, షీట్ అయినా సరే. కాలమ్‌లు ఏడు చాలు: పేపర్ పేరు, ప్రశ్న నంబర్; టాపిక్; ఆ నిమిషంలో నేను ఏమనుకున్నాను; అసలు ఎక్కడ విరిగింది; రకం; పోయిన మార్కులు; తర్వాతి పని, దాని తేదీ. మొత్తం సొల్యూషన్ లాగ్‌లోకి ఎక్కించకండి, అది కాపీ పని, ఒకట్రెండు పేపర్లు అయ్యాక విసుగొచ్చి మానేస్తారు.

వీటిలో బరువంతా మూడో కాలమ్‌ది, "ఆ నిమిషంలో నేను ఏమనుకున్నాను" అనేది. చాలా లాగ్‌లలో ఇక్కడ "ఫార్ములా తప్పు", "కాలిక్యులేషన్ మిస్టేక్" అని రెండు ముక్కలు ఉంటాయి, అవి నెల తర్వాత చదివితే ఏమీ చెప్పవు. మీ మాటల్లో పూర్తి వాక్యం రాయండి: "గంటకి 72 కిలోమీటర్లు అని ఇస్తే దాన్ని అలాగే v² లో పెట్టేశాను, పక్కన ఉన్న 4 m/s² కనపడలేదు" అని రాస్తే పని ఏంటో అందులోనే ఉంది. ఈ లెక్కలో ఆగే దూరం s = v²/2a, 72 km/h అంటే 20 m/s, కాబట్టి 400/8 = 50 మీటర్లు. యూనిట్ మార్చకపోతే 648 వస్తుంది. బ్రేక్ వేశాక కారు అర కిలోమీటరు దాటి వెళ్ళి ఆగుతుందా అని ఒక్క క్షణం అనుకుంటే అక్కడే దొరికిపోయేది, ఆ సంగతి కూడా అదే వరసలో రాయండి, ఎందుకంటే తర్వాత చెక్ చేసుకునే అలవాటు దాని నుంచే పుడుతుంది.

షీట్‌లో పెట్టుకునేవాళ్ళకి రకం E కాలమ్‌లో, మార్కులు F కాలమ్‌లో ఉంటే, ఒక్కో రకం వల్ల ఎన్ని మార్కులు పోయాయో ఇలా వచ్చేస్తుంది:

```
=SUMIF(E:E,"కాన్సెప్ట్",F:F)
```

రకం పేరు ప్రతిసారీ ఒకేలా టైప్ చేయాలి, ఒకచోట కాన్సెప్ట్ ఇంకోచోట కాన్సెప్టు అని రాస్తే లెక్కలోకి రాదు. తప్పుల సంఖ్య కాకుండా మార్కులు ఎందుకంటే, నెగెటివ్ మార్కింగ్ ఉన్నచోట తప్పు పెట్టిన ప్రశ్న వదిలేసిన ప్రశ్న కన్నా ఎక్కువ నష్టం. కరెక్ట్‌కి 4, తప్పుకి −1 అయితే వచ్చిన ప్రశ్న తప్పు చేస్తే మొత్తం 5 మార్కుల తేడా.

ఒక పేపర్ మొత్తం చేసి చూద్దాం

50 ప్రశ్నల పేపర్ అనుకుందాం, మార్కింగ్ పైన చెప్పినట్టే. 31 కరెక్ట్, 12 తప్పు, 7 వదిలేశారు. స్కోరు 124 − 12 = 112. కరెక్ట్ అయిన 31లో 3 చుక్క పెట్టినవి. అంటే లాగ్‌లోకి వెళ్ళాల్సినవి 12 + 7 + 3 = 22 వరసలు. ఇప్పుడు ఆ 12 తప్పుల సంగతే చూద్దాం.

సొల్యూషన్ చదువుతూ లేబుల్ వేస్తే లెక్క ఇలా వచ్చిందనుకోండి: 9 అజాగ్రత్త, 2 కాన్సెప్ట్, 1 మెమరీ. చూడ్డానికి బాగుంటుంది, కొంచెం జాగ్రత్తగా ఉంటే 45 మార్కులు వచ్చేసినట్టే అని అనిపిస్తుంది. అదే సొల్యూషన్ చూడకుండా రెండోసారి రాశాక వేస్తే 4 అజాగ్రత్త, 5 కాన్సెప్ట్, 3 మెమరీ. ఇది ఊహించిన పేపరే కానీ లెక్క మారే దిక్కు మాత్రం నేను చూసిన లాగ్‌లలో ఎప్పుడూ ఇటే, అజాగ్రత్త డబ్బా ఖాళీ అవుతూ మిగతా రెండూ నిండుతాయి.

అలా డబ్బా మారిన ప్రశ్న ఒకటి దగ్గరగా చూద్దాం. రెండు పాచికలు వేస్తే కనీసం ఒకదాని మీద 6 పడే ప్రాబబిలిటీ ఎంత? రాసింది 1/6 + 1/6 = 1/3, టిక్ కూడా పెట్టారు. కీ ప్రకారం 11/36. సొల్యూషన్‌లో 1 − (5/6)² అని చూడగానే "ఓ అవును, 1 లోంచి తీసేయాలి, మర్చిపోయా" అని మెమరీ అనో సిల్లీ అనో రాసేస్తారు. కానీ చూడకుండా రెండోసారి రాస్తే మళ్ళీ 1/3 వచ్చింది, అదే ధీమాతో. అంటే మర్చిపోయింది ఏమీ లేదు, "ఇదైనా అదైనా అంటే కలిపేయడమే" అనే ఐడియా లోపల ఉంది, అది పనిచేస్తోంది.

ఆ ఐడియా తప్పని సొల్యూషన్ చదివితే తెలీదు, దాన్ని ఒక మూలకి నెట్టి చూడాలి. మూడు నాణేలు వేస్తే కనీసం ఒక బొమ్మ పడే ప్రాబబిలిటీ అదే పద్ధతిలో చేయండి: 1/2 + 1/2 + 1/2 = 3/2. ప్రాబబిలిటీ 1 దాటదు కదా, ఇక్కడ ఐడియా దానంతట అదే కూలిపోయింది. ఇప్పుడు ఎక్కడ తేడా కొట్టిందో అడగొచ్చు, రెండు పాచికల మీదా 6 పడ్డ సందర్భాన్ని రెండుసార్లు లెక్కపెట్టాం, 12/36 లోంచి ఆ ఒక్క 1/36 తీసేస్తే 11/36. రెండూ ఒకేసారి జరగడానికి వీల్లేనప్పుడే నేరుగా కలపొచ్చు, ఒకే పాచిక మీద 5 గానీ 6 గానీ పడటం లాంటిది, అక్కడ 1/6 + 1/6 కరెక్టే. లాగ్‌లో ఈ వరస ఇలా ఉంటుంది: "అనుకున్నది: కనీసం ఒకటి అంటే విడివిడి ప్రాబబిలిటీలు కలపడం. విరిగింది: రెండూ ఒకేసారి జరిగే కేసుని రెండుసార్లు లెక్కపెట్టాను. రకం: కాన్సెప్ట్. పోయింది: 5. పని: కలపొచ్చా కలపకూడదా తేల్చే ప్రశ్నలు నాలుగు, శనివారం."

అదే పేపర్లో ఇంకోటి, 1² + 2² + … + n² మొత్తానికి n(n+1)(2n+1)/3 అని రాశారు. ఫార్ములా షీట్ చూసి కింద 6 ఉండాలని తెలియగానే మిగతా లెక్కంతా కరెక్ట్‌గా వచ్చేసింది, కాబట్టి శుభ్రంగా మెమరీ. 72 km/h ప్రశ్న ఏ సాయం లేకుండా రెండు నిమిషాల్లో వచ్చేసింది, అది అజాగ్రత్త.

స్టెప్ 4: ఏ రకానికి ఆ మందు

అజాగ్రత్త తప్పులకి "ఇకనుంచి జాగ్రత్తగా ఉంటాను" అని రాయడం పని కాదు, దాన్ని పరీక్ష హాల్లో ఎప్పుడు చేయాలో అందులో లేదు. పని అంటే ఇలా ఉండాలి: "ఏదైనా నంబర్ ఫార్ములాలో పెట్టే ముందు పక్కన యూనిట్ రాస్తాను", "ప్రశ్నలో 'కానిది', 'తప్పు' అనే మాట కనపడగానే దానికి గుండ్రం చుడతాను". ఏం కనపడితే ఏం చేయాలో రెండూ ఉండాలి. ఒక పేపర్‌కి రెండు మూడు రూల్స్ మించి తీసుకెళ్ళకండి, పది పెట్టుకుంటే ఒక్కటీ గుర్తుండదు. లాగ్‌లో ఏ రకం జారుడు ఎక్కువ మార్కులు తిందో దాన్నే ముందు పట్టుకోండి, ప్రశ్న సరిగ్గా చదవకపోవడమా, ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కి ఎక్కించేటప్పుడు మారిపోవడమా, బబుల్ పక్క వరసలో నింపడమా. ఈ తప్పులు పేపర్లో ఏ భాగంలో గుంపుగా వస్తున్నాయో కూడా చూడండి. చివరి అరగంటలోనే వస్తుంటే అది అలసట, ఫుల్ టైమ్ కూర్చుని రాసే ప్రాక్టీస్ తక్కువైందని అర్థం. రూల్స్ ఎన్ని రాసినా దానికి పనిచేయవు.

కాన్సెప్ట్ తప్పుకి సొల్యూషన్ నాలుగుసార్లు చదవడం వల్ల వచ్చేది ఆ ఒక్క సొల్యూషన్ మాత్రమే. ముందు టెక్స్ట్‌బుక్‌లో ఆ సెక్షన్‌కి వెళ్ళి, మీ మూడో కాలమ్‌లో రాసుకున్న తప్పు ఐడియా ఎక్కడ కూలుతుందో వెతకాలి, మూడు నాణేల దగ్గర చేసినట్టు. తర్వాత ఆ ఐడియా పనిచేసే ప్రశ్న ఒకటి, పనిచేయని ప్రశ్న ఒకటి పక్కపక్కన చేయాలి, తేడా చూడగలగడమే ఇక్కడ నేర్చుకునేది. ఆ తర్వాత నంబర్లు, కథ మార్చిన ప్రశ్న: ఒక్కో బల్బు పాడయ్యే ప్రాబబిలిటీ 1/10, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు బల్బుల్లో కనీసం ఒకటి పాడయ్యేది ఎంత? పాత ఐడియా ఉంటే 0.20 అంటారు, పోతే 1 − 0.81 = 0.19. ఇలా తప్పు ఐడియాకీ కరెక్ట్ ఐడియాకీ వేరే ఆన్సర్ వచ్చే ప్రశ్నే వెతకాలి. రెండింటికీ ఒకటే ఆన్సర్ వచ్చే ప్రశ్న చేసి కరెక్ట్ అయిందని సంతోషపడితే ఏమీ తేలలేదు.

కాన్సెప్ట్ పనికి టైమ్ పడుతుంది, ఒక్కో వరసకి అరగంట, గంట కూడా పట్టొచ్చు. అన్నీ ఒకే వారంలో చేయలేరు, మార్కులు ఎక్కువ పోయిన టాపిక్‌లు రెండు తీసుకుని అవి పూర్తి చేయండి, మిగతావి లాగ్‌లో ఓపెన్‌గా ఉండనివ్వండి.

మెమరీ తప్పుకి చదవడం కాదు, చూడకుండా చెప్పడం కావాలి. కార్డ్ ముందు వైపు ప్రశ్న, వెనక ఆన్సర్, ఇవాళ ఒకసారి, మూడో రోజు, వారానికి, మూడు వారాలకి. తప్పితే మళ్ళీ మొదటికి. జర్మనీలో సెబాస్టియన్ లైట్నర్ 1970లలో ప్రచారంలోకి తెచ్చిన డబ్బాల పద్ధతి ఇదే, వచ్చిన కార్డ్ వెనక డబ్బాలోకి, రానిది మళ్ళీ మొదటి డబ్బాలోకి. గ్యాప్‌లు అటూ ఇటూ అయినా నష్టం లేదు, గ్యాప్ అంటూ ఉండాలి. ఫార్ములాలకి ఇంకోటి చేయొచ్చు, గుర్తొచ్చింది కరెక్టో కాదో చెక్ చేసే చిన్న దారి కార్డ్ మీదే రాయండి. పైన వర్గాల మొత్తానికి n = 1 పెట్టండి, కింద 3 ఉంటే 1·2·3/3 = 2 వస్తుంది, రావాల్సింది 1, అంటే కింద 6 ఉండాలి. పది సెకన్ల పని, హాల్లో కూడా చేయొచ్చు.

మెమరీలోనే ఒక మోసం ఉంది, దగ్గర దగ్గరగా ఉన్న రెండు విషయాలు కలిసిపోవడం. వాటిని విడివిడి కార్డ్‌లు చేస్తే రెండూ వచ్చినట్టే ఉంటుంది, పరీక్షలో మళ్ళీ కలిసిపోతాయి. రెండింటినీ ఒకే కార్డ్ మీద ఎదురెదురుగా పెట్టి "తేడా ఏంటి" అని అడగాలి. అయినా పదేపదే తారుమారైతే కింద కాన్సెప్ట్ ఉందేమో చూడండి. ధమనుల్లో మంచి రక్తం, సిరల్లో చెడు రక్తం అని బట్టీ పట్టినవాళ్ళకి ఊపిరితిత్తులకి వెళ్ళే ధమని దగ్గర ఎప్పుడూ తప్పుతుంది, ఎన్ని కార్డ్‌లు తిప్పినా. గుండె నుంచి బయటికి తీసుకెళ్ళేది ధమని, గుండెకి తెచ్చేది సిర అని అర్థమైతే అక్కడ గుర్తుపెట్టుకోవాల్సిందే లేదు, ఆక్సిజన్ తక్కువున్న రక్తమైనా సరే గుండె నుంచి వెళ్తోంది కాబట్టి అది ధమనే.

స్టెప్ 5: వరస ఎప్పుడు మూసేయాలి

పని చేశాం కాబట్టి మూసేద్దాం అనకండి. వేరు వేరు రోజుల్లో, మధ్యలో కనీసం వారం గ్యాప్‌తో, రెండుసార్లు చూడకుండా కరెక్ట్ వస్తేనే మూయాలి. కాన్సెప్ట్ వరసకి అదే ప్రశ్న మళ్ళీ చేస్తే లాభం లేదు, 11/36 అని ఆన్సర్ గుర్తుండిపోతుంది, మార్చిన ప్రశ్న చేయాలి. అజాగ్రత్త వరసని విడిగా టెస్ట్ చేయలేం, ఎందుకంటే ఒక్క ప్రశ్న ముందు పెట్టుకుంటే ఎవరూ జారరు. తర్వాతి రెండు ఫుల్ పేపర్లలో ఆ రకం జారుడు రాకపోతే అప్పుడు మూయండి.

మూసిన వరస మళ్ళీ తెరుచుకుంటే లేబుల్ మీదే అనుమానపడాలి. ఒకే టాపిక్‌లో ఒకే రకం "అజాగ్రత్త" మూడోసారి వచ్చిందంటే దాన్ని అజాగ్రత్త అనడం ఆపేయండి. యూనిట్లు మూడోసారి మర్చిపోయారంటే యూనిట్ అనేది ఫార్ములాలో భాగం అని ఇంకా లోపలికి వెళ్ళలేదు, ఆ చాప్టర్‌లో ప్రతి నంబర్‌కీ యూనిట్ రాసుకుంటూ పది లెక్కలు చేస్తే గానీ పోదు. అలాగే ఒక ఫార్ములా కార్డ్ నాలుగైదుసార్లు మొదటి డబ్బాలోకి వస్తూనే ఉంటే కార్డ్ ఆపి, ఆ ఫార్ములా ఎక్కడ్నుంచి వచ్చిందో ఒకసారి రాబట్టి చూడండి.

ఎక్కడ చెడిపోతుందంటే

ఎక్కువగా చూసేది, పేపర్ల మీద పేపర్లు రాస్తూ లాగ్ పని తర్వాత చేద్దాం అని పేర్చేయడం. రెండు పేపర్ల లాగ్ పెండింగ్‌లో ఉంటే మూడో పేపర్ మొదలుపెట్టకండి, అది కొత్త ప్రశ్నలతో పాత తప్పులే మళ్ళీ చేయడం అవుతుంది, పైగా మంచి పాత పేపర్ ఒకటి ఖర్చైపోతుంది, అవేమీ అంతులేకుండా ఉండవు కదా.

ఇంకోటి, కీ కూడా తప్పు ఉండొచ్చు. రెండోసారి, మూడోసారి చేసినా అదే ఆన్సర్ వచ్చి, ప్రతి లైనూ చెప్పగలుగుతుంటే ఇంకో చోట ఆ ప్రశ్న ఆన్సర్ చూడండి లేదా తెలిసినవాళ్ళకి చూపించండి, ఆ తర్వాతే కాన్సెప్ట్ అని రాయండి. చాలా పాత పేపర్లయితే సిలబస్‌లోంచి తీసేసిన టాపిక్‌లు ఉంటాయి, ఆ ప్రశ్నలని లాగ్‌లోకి ఎక్కించకండి. 22 వరసలు ఉన్నచోట అవి ఇంకో నాలుగు కలిపితే నిజంగా చేయాల్సినవి వెనక్కి పోతాయి.

లాగ్ పనికి పేపర్ రాసిన టైమ్ కన్నా ఎక్కువ పడుతుంటే ఎక్కడో అనవసరంగా రాస్తున్నారు. రెండోసారి చేయడం పక్కన పెడితే ఒక్కో వరస నింపడానికి రెండు మూడు నిమిషాలు చాలు.

పరీక్ష దగ్గర పడ్డాక, అంటే ఆఖరి వారంలో, ఈ లాగ్‌ని మొదటి పేజీ నుంచి చదవకండి. ఓపెన్‌గా ఉన్న మెమరీ వరసలు రోజూ చూడకుండా చెప్పుకోండి, అజాగ్రత్త రూల్స్‌లో ఎక్కువ మార్కులు కాపాడే మూడింటిని ఒక చీటీ మీద రాసి ఆఖరి ప్రాక్టీస్ పేపర్ వాటితోనే రాయండి. ఇంకా ఓపెన్‌గా ఉన్న కాన్సెప్ట్ వరసల్లో ఒక్క పూటలో తేలేవి మాత్రం తీసుకోండి, తేలనివాటి టాపిక్ పేర్లు రాసి పెట్టుకుంటే హాల్లో ఆ ప్రశ్న వచ్చినప్పుడు ముందు దాటేసి, టైమ్ మిగిలితే ఆఖర్న దాని దగ్గరికి రావచ్చు.